వంద కంపెనీల షేర్లు కొన్నా మార్కెట్ రిస్క్ ఎందుకు పోదు? చిన్న లెక్కతో ఎవరైనా చూపిస్తారా

వెన్నెల

డైవర్సిఫికేషన్ గురించి ఏది చదివినా ఒక గీత కనిపిస్తుంది. అడ్డంగా కంపెనీల సంఖ్య, నిలువుగా రిస్క్. గీత మొదట్లో నిటారుగా కిందికి దిగుతుంది. ఇరవై ముప్పై కంపెనీలు దాటాక దాదాపు అడ్డంగా సాగిపోతుంది, సున్నాను మాత్రం ఎప్పటికీ తాకదు. కరిగిపోయిన పైభాగం కంపెనీ రిస్క్ అనీ, మిగిలిపోయిన కిందిభాగం మార్కెట్ రిస్క్ అనీ పేర్లు రాసి వదిలేస్తారు.

నాకు కావలసింది పేర్లు కాదు, కారణం. రెండూ ఒడిదుడుకులే కదా. ఒకటి చెరిగిపోతే రెండోదీ చెరిగిపోవాలి. అది ఎక్కడ ఆగుతోంది, ఎందుకు ఆగుతోంది? కాల్‌క్యులేటర్ దగ్గర పెట్టుకుని చేసుకునేంత చిన్న లెక్క ఎవరైనా చూపిస్తే ఎంతో మేలు. సగటు, స్టాండర్డ్ డీవియేషన్ తెలుసు. అంతకు మించిన గణితం నాకు పట్టుబడదు.

శరత్77

ఇందులో పెద్ద మర్మమేమీ లేదండీ. ఒక కంపెనీ పడినప్పుడు ఇంకోటి లేస్తుంది, రెండూ సర్దుకుపోతాయి. రెండు షేర్లు అచ్చు గుద్దినట్టు ఒకేలా కదలనంత కాలం, ఎన్ని కలిపితే రిస్క్ అంత తగ్గుతుంది. గీత ఆగినట్టు కనిపించేది కంపెనీలు చాలకనే. పుస్తకాల్లో ముప్పై నలభై దగ్గర ఆపేస్తారు. మూడు వేలు కొని చూడండి, సున్నా దగ్గరికి వచ్చేస్తుంది.

లెక్కల మాస్టారు

శరత్ గారి మాటలో సగం నిజం. కలిపిన ప్రతి కంపెనీ రిస్క్‌ను ఎంతో కొంత తగ్గిస్తుంది, అది ఒప్పుకోవాల్సిందే. కానీ మూడు వేలు కొన్నా సున్నాకు రాదు. నాణేలు ఎగరేసి చూద్దాం.

ప్రతి కంపెనీ షేరుకూ ఏడాది రాబడి సగటున 10 శాతం అనుకుందాం. ఆ 10ని అటూ ఇటూ కదిపేవి రెండు నాణేలు. మొదటిది మార్కెట్ నాణెం. ఏడాదికి ఒక్కసారే ఎగరేస్తాం, పడింది అన్ని కంపెనీలకూ వర్తిస్తుంది. బొమ్మ పడితే ప్రతి కంపెనీ రాబడికీ 15 కలుస్తుంది, బొరుసు పడితే ప్రతిదానికీ 15 తగ్గుతుంది. వడ్డీ రేట్లు పెరగడం, మాంద్యం, యుద్ధం ఇలాంటివన్నీ ఈ నాణెంలో ఉన్నాయనుకోండి. రెండోది సొంత నాణెం. ఇది కంపెనీకొకటి ఉంటుంది, వేటికవే విడిగా ఎగురుతాయి. బొమ్మ పడితే ఆ ఒక్క కంపెనీకే 20 కలుస్తుంది, బొరుసైతే 20 పోతుంది. ఫ్యాక్టరీ తగలబడటం, కొత్త మందుకు అనుమతి దొరకడం, ఖాతాల్లో మోసం బయటపడటం ఈ కోవలోకి వస్తాయి.

ఒక్క కంపెనీ కొంటే నాలుగే ఫలితాలు: 45, 5, 15, −25. నాలుగింటికీ సమాన అవకాశం, సగటు 10. సగటు నుంచి దూరాలు 35, 5, 5, 35. వాటి వర్గాలు 1225, 25, 25, 1225. ఆ వర్గాల సగటు 625, దాని వర్గమూలం 25. అంటే ఒక్క కంపెనీ స్టాండర్డ్ డీవియేషన్ 25 శాతం. ఈ 625లో రెండు నాణేల వాటాలూ విడివిడిగా కనిపిస్తాయి: మార్కెట్ నాణెంది 15 వర్గం, 225. సొంత నాణెంది 20 వర్గం, 400.

ఇప్పుడు డబ్బును రెండు కంపెనీల్లో చెరి సగం పెట్టండి. ఏ కంపెనీ సొంత నాణెమైనా మన డబ్బులో సగాన్నే కదపగలదు, కాబట్టి మన మొత్తం మీద దాని దెబ్బ 20 కాదు, 10. దాని వర్గం 100. అలాంటి నాణేలు రెండు, కలిపితే 200. మొదట 400గా ఉన్నది సగమైంది. మార్కెట్ నాణెం కూడా ఒక్కో సగాన్ని 7.5 చొప్పునే కదుపుతుంది. కానీ రెండు సగాలనూ ఒకే దిక్కుకు కదుపుతుంది. 7.5, 7.5 కలిసి మళ్లీ 15. వర్గం 225. అందులో ఒక్క అంకె కూడా కదల్లేదు.

వెన్నెల గారు అడిగిన కారణం ఇదే. వేర్వేరు నాణేల దెబ్బలను ముందు వర్గం చేసి తర్వాత కలుపుతాం. ఒకే నాణెం దెబ్బలను ముందు కలిపి తర్వాత వర్గం చేస్తాం. ముక్కలు చేసి వర్గం చేస్తే తగ్గుతుంది. ముక్కలన్నీ తిరిగి ఒకటైపోతే తగ్గడానికి ఏమీ ఉండదు.

కంపెనీల సంఖ్య n అయితే మొత్తం వర్గం:

```
225 + 400/n
```

నాలుగు కంపెనీలకు 325, దాని వర్గమూలం 18. పదికి 265, అంటే 16.3. ఇరవై ఐదుకు 241, అంటే 15.5. వందకు 229, అంటే 15.1. శరత్ గారి మూడు వేలకు 225.13, అంటే 15.004. మీరు చూసిన గీత ఇదే, అది ఆగే చోటు 15. ఆ 225ని n దేనితోనూ భాగించడం లేదు. అందుకే ఎంత పెద్ద n వేసినా అది అక్కడే ఉంటుంది.

వెన్నెల

మాస్టారూ, కాగితం మీద వేసి చూశాను, రెండు కంపెనీల దగ్గరే విషయం తెలిసిపోయింది. ఒక్క అనుమానం. వంద కంపెనీలు కొంటే స్టాండర్డ్ డీవియేషన్ 15, సగటు 10 అన్నారు. అంటే చాలా ఏళ్లు 10కి దగ్గర్లోనే వస్తుందనీ, అప్పుడప్పుడూ దూరం పోతుందనీ అనుకోవచ్చా?

లెక్కల మాస్టారు

మన నాణేల లోకంలో అలా అనుకోకూడదు. ఈ ప్రశ్న చాలా మంచిది, నిదానంగా చెబుతాను.

వంద కంపెనీల్లో సొంత నాణేలు సుమారు యాభై బొమ్మలు, యాభై బొరుసులు పడతాయి. వాటి సగటు సున్నా దగ్గరే ఉంటుంది, చాలాసార్లు రెండు మూడు శాతంలోపే అటూ ఇటూ. ఇక మిగిలింది మార్కెట్ నాణెం ఒక్కటే. అది బొమ్మైతే మీకు 25 దరిదాపుల్లో వస్తుంది. బొరుసైతే −5 దరిదాపుల్లో వస్తుంది. 10 అనేది ఏ ఏడాదీ రాదనే చెప్పాలి! ఫలితాలన్నీ రెండు కుప్పలుగా చీలిపోతాయి, సగటైన 10 ఆ రెండు కుప్పల మధ్య ఖాళీలో ఉంటుంది.

ఒక్క కంపెనీ కొన్నవాడికి ఏమవుతుందో చెప్పడానికి రెండు నాణేలు చూడాలి. వంద కొన్నవాడికి ఒక్క నాణెం చూస్తే చాలు. డైవర్సిఫికేషన్ చేసిన పని అదే, రెండో నాణేన్ని లెక్కలోంచి తీసేసింది. మొదటి నాణెం జోలికి అసలు పోలేదు.

నిజమైన మార్కెట్ రెండు ముఖాల నాణెం కాదు కాబట్టి అక్కడ కుప్పలు ఇంత విడిగా కనిపించవు, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి. కానీ మన ఫలితాన్ని ఎవరు నడిపిస్తున్నారన్న సంగతి మాత్రం అక్కడా ఇంతే.

శరత్77

మాస్టారూ, మీ లెక్కలోనే ఒక చిక్కు కనిపించింది. ఒక్క కంపెనీకి మీరిచ్చిన నాలుగు ఫలితాల్లో నష్టం ఒక్కటే, −25. అంటే నష్టపోయే అవకాశం నాలుగింట ఒకటి. వంద కంపెనీలు కొంటే మార్కెట్ బొరుసు పడిన ప్రతిసారీ −5 దగ్గర నష్టమే, అంటే రెండింట ఒకటి. వంద కంపెనీలు కొని నష్టపోయే అవకాశాన్ని రెట్టింపు చేసుకున్నట్టయింది. దీన్ని రిస్క్ తగ్గడం అని ఎలా అంటారు?

లెక్కల మాస్టారు

శరత్ గారూ, మీరు చెప్పిన అంకెలు రెండూ సరైనవే. ఈ ఉదాహరణలో నష్టం వచ్చే ఏళ్లు నిజంగానే ఎక్కువవుతాయి. ఒక్క కంపెనీ ఉన్నవాడికి మార్కెట్ బొరుసు పడినా, సొంత బొమ్మ పడి 15 శాతం మిగిలే అదృష్టం ఉంది. వంద కొన్నవాడు ఆ అదృష్టాన్ని వదులుకున్నాడు. దానితోపాటు −25ను కూడా వదులుకున్నాడు. వంద కంపెనీలకు 10 శాతానికి మించి నష్టం రావాలంటే మార్కెట్ బొరుసు పడటమే కాదు, వంద సొంత నాణేల్లో అరవై రెండుకు పైగా బొరుసులు పడాలి. అది వెయ్యింట మూడు సార్లు జరగవచ్చు. ఒక్క కంపెనీకైతే 25 శాతం నష్టం నాలుగింట ఒకసారి.

స్టాండర్డ్ డీవియేషన్ కొలిచేది నష్టం ఎన్నిసార్లు వస్తుందన్నది కాదు, ఫలితం సగటుకు ఎంత దూరం పోతుందన్నది. చిన్న నష్టం తరచుగా రావడం మేలా, పెద్ద నష్టం అరుదుగా రావడం మేలా అన్నది మనిషిని బట్టి ఉంటుంది. మీరు మొదటి కొలతనే రిస్క్ అంటానంటే నేను కాదనలేను. కాకపోతే ఆ గీత గీసింది రెండో కొలతతో.

శరత్77

చాలామంది మనసులో రిస్క్ అంటే నష్టం రావడమే. ఈ గీతను చూపించేవాళ్లు ఏ కొలతతో గీశారో ముందే చెబితే బాగుంటుంది. ఈ విషయంలో మీతో నేను పూర్తిగా ఏకీభవించలేను.

కోడ్‌గీత

చేత్తో లెక్క వేసే ఓపిక లేనివాళ్ల కోసం మాస్టారి నాణేలను కోడ్‌లో పెట్టాను. పైథాన్, నమ్‌పై ఉంటే చాలు.

```
import numpy as np
n, runs = 25, 100000
m = np.random.choice([15, -15], size=(runs, 1))
e = np.random.choice([20, -20], size=(runs, n))
r = 10 + (m + e).mean(axis=1)
print(r.mean(), r.std())
```

స్టాండర్డ్ డీవియేషన్ 15.5 చుట్టూ వస్తుంది, 241 వర్గమూలం అదే. ఇప్పుడు మూడో వరుసలో `(runs, 1)` ఉన్నచోట `(runs, n)` అని మార్చి మళ్లీ నడపండి. మార్చింది ఒక్క అక్షరమే, ఫలితం 5కి పడిపోతుంది. ఎందుకంటే ఆ `1` చెబుతున్నది మార్కెట్ నాణెం ఏడాదికి ఒకటేనని. `n` అని రాస్తే ప్రతి కంపెనీకీ విడి మార్కెట్ నాణెం ఇచ్చినట్టు. అప్పుడు 625 మొత్తాన్నీ 25తో భాగించుకోవచ్చు, వచ్చేది 25, దాని వర్గమూలం 5. శరత్ గారు మొదట చెప్పిన లోకం అదే, కంపెనీలు పెంచుతూ పోతే అక్కడ రిస్క్ నిజంగా సున్నాకు దిగుతుంది. ఉమ్మడిగా ఏదీ లేని లోకం అది.

వీలైతే `r`కి హిస్టోగ్రామ్ కూడా గీసి చూడండి. n ఒకటి ఉన్నప్పుడు నాలుగు గీతలు నిలబడతాయి, వంద చేస్తే మాస్టారు చెప్పిన రెండు కుప్పలు కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి.

నిదానమే_ప్రధానం

ఇంత లెక్క ఎందుకండీ. మార్కెట్ ఈ ఏడు పడితే వచ్చే ఏడు లేస్తుంది. పది పదిహేనేళ్లు కదలకుండా కూర్చుంటే మార్కెట్ రిస్క్ దానంతటదే సర్దుకుంటుంది. కంపెనీలను పంచుకున్నట్టే ఏళ్లను కూడా పంచుకోవచ్చు. నాణెం పదిసార్లు ఎగిరితే బొమ్మా బొరుసూ సమం కావా?

లెక్కల మాస్టారు

వెన్నెల గారు అడిగింది ఒకే ఏడాదిలో అనేక కంపెనీల గురించి, మీరు చెబుతున్నది ఒకే పెట్టుబడికి అనేక ఏళ్ల గురించి. రెండూ ఒకటి కావు. అయినా చూద్దాం.

కంపెనీలను పంచినప్పుడు ఒక్కోదానిలో మన డబ్బు ముక్కే ఉంటుంది. ఏళ్లు గడిచేటప్పుడు డబ్బు ముక్కలు కాదు, ప్రతి ఏడాదీ మొత్తం డబ్బూ నాణెం కిందే ఉంటుంది. అందుకే పదేళ్లకు ఏడాది సగటు రాబడి చూస్తే దాని ఊగిసలాట 15 నుంచి 4.7కు తగ్గుతుంది, మీరు చూస్తున్నది అది. కానీ పదేళ్ల చివర చేతికొచ్చే మొత్తం చూస్తే, చక్రవడ్డీని పక్కనపెట్టి ఊరికే కూడినా, ఊగిసలాట 47కి పెరుగుతుంది. మనం ఖర్చు పెట్టుకునేది ఏడాది సగటును కాదు, చివరి మొత్తాన్ని.

నిదానమే_ప్రధానం

నాణేనికి గుర్తుండదు, మార్కెట్‌కు ఉంటుంది. మరీ కిందికి పోయిన ధర ఎప్పటికైనా పైకి వస్తుందన్నది నా నమ్మకం. మీ లెక్కలో ప్రతి ఏడాదీ కొత్త నాణెమే, అక్కడే నాకు పేచీ.

లెక్కల మాస్టారు

అది న్యాయమైన పేచీయే, దాని మీద పరిశోధకుల్లోనే ఏకాభిప్రాయం లేదు. ఒకవేళ మీ మాటే నిజమనుకున్నా, ఆ మేలు చేసేది కాలం. కంపెనీల సంఖ్య కాదు.

మీనాక్షి

నా సంగతి కాస్త చూసి చెప్పండి. నా దగ్గర పద్నాలుగు కంపెనీల షేర్లు ఉన్నాయి, అన్నిట్లో సమానంగా. మాస్టారి సూత్రం ప్రకారం 400/14 అంటే 29 కూడా లేదు, అంటే కంపెనీ రిస్క్ దాదాపు పోయినట్టే కదా. కానీ కిందటిసారి సూచీ 9 శాతం పడినప్పుడు నావి 16 శాతం పడ్డాయి. పద్నాలుగూ మంచి పేరున్నవే. పంచుకున్నా ఎందుకు ఇంత దెబ్బ?

కోడ్‌గీత

మీనాక్షి గారూ, ఆ పద్నాలుగూ ఏం చేసే కంపెనీలు?

మీనాక్షి

బ్యాంకులు ఏడు. ఇళ్లకు అప్పులిచ్చేవి మూడు. వాహనాలకు అప్పులిచ్చేవి రెండు. బీమా రెండు.

లెక్కల మాస్టారు

అమ్మా, అక్కడే ఉంది అసలు విషయం. నేను చెప్పిన సూత్రం పనిచేయాలంటే సొంత నాణేలు నిజంగా విడివిడిగా ఎగరాలి. మీ పద్నాలుగింటి మధ్య ఇంకో నాణెం ఉంది, అది రంగం నాణెం. అప్పులు ఎగ్గొట్టేవారు పెరిగితే, డిపాజిట్ల ఖర్చు పెరిగితే పద్నాలుగూ దాదాపు ఒకేసారి దెబ్బ తింటాయి.

పాత 400ను రెండుగా విడదీద్దాం. రంగం నాణెం 12, దాని వర్గం 144. పూర్తిగా ఆ కంపెనీకే చెందిన నాణెం 16, దాని వర్గం 256. రెండూ కలిపి 400, ఒక్క కంపెనీకి ఏమీ మారలేదు. ఇప్పుడు ఒకే రంగంలో పద్నాలుగు కొంటే:

```
225 + 144 + 256/14 = 387.3
```

వర్గమూలం 19.7. పద్నాలుగూ వేర్వేరు రంగాలవై ఉంటే 225 + 400/14, అంటే 253.6, వర్గమూలం 15.9. మీరు ఇదే రంగంలో ఇంకో వంద కంపెనీలు కొన్నా 19.2 కిందికి దిగదు, ఎందుకంటే 144ను భాగించేది ఏదీ లేదు. మార్కెట్ నాణెం అందరికీ ఒకటైనట్టే, మీ వాటాలకు రంగం నాణెం కూడా ఒకటే అయిపోయింది. అది మాత్రం పోగొట్టుకోవచ్చు, వేరే రంగాలు కలిపితే.

ఇంకో సంగతి కూడా ఉంది. నా ఉదాహరణలో మార్కెట్ నాణెం ప్రతి కంపెనీనీ సరిగ్గా 15 కదిపింది. నిజానికి ఒక కంపెనీ 20 కదులుతుంది, ఇంకోటి 8 కదులుతుంది. అప్పులిచ్చే కంపెనీలు మార్కెట్ కంటే ఎక్కువ కదలడం తరచుగా చూస్తాం. మీ 16 శాతంలో కొంత అది కూడా కావచ్చు.

మీనాక్షి

నాది రంగం దెబ్బా, మార్కెట్ దెబ్బా అన్నది ఎలా తెలుసుకోవడం?

కోడ్‌గీత

స్ప్రెడ్‌షీట్‌లో చూసుకోవచ్చు. B నిలువు వరుసలో మీ మొత్తం వాటాల నెలవారీ రాబడి, C వరుసలో అన్ని రంగాలూ ఉన్న పెద్ద సూచీ నెలవారీ రాబడి పెట్టండి. అయిదేళ్లవి, అంటే అరవై నెలలు ఉంటే నయం. ఆపైన:

```
=RSQ(B2:B61,C2:C61)
=SLOPE(B2:B61,C2:C61)
```

మొదటిది మీ ఒడిదుడుకుల్లో మార్కెట్ నుంచి వచ్చిన వాటా ఎంతో చెబుతుంది. మాస్టారి ఉదాహరణలో ఒక్క కంపెనీకి అది 225/625, అంటే 0.36. వేర్వేరు రంగాల పద్నాలుగుకు 225/253.6, అంటే 0.89. ఒకే రంగం పద్నాలుగుకు 225/387.3, అంటే 0.58. రెండోది సూచీ ఒక శాతం కదిలితే మీవి సగటున ఎంత కదులుతాయో చెబుతుంది.

మీనాక్షి

చేశాను. మొదటిది 0.61, రెండోది 1.25 వచ్చాయి.

లెక్కల మాస్టారు

అయితే చాలావరకు తెలిసిపోయినట్టే. సూచీ 9 పడితే 1.25 చొప్పున మీకు 11 చిల్లర పోవాలి, అది మార్కెట్ ఇచ్చిన దెబ్బ. 16లో మిగిలిన అయిదు దాకా రంగానిదీ కంపెనీలదీ. 0.61 అంటే మీ ఒడిదుడుకుల్లో నూటికి దాదాపు నలభై వంతులు ఇంకా మార్కెట్‌కు చెందనివే. పద్నాలుగు పేర్లున్నా ఆ భాగం కరగలేదు. అరవై నెలల లెక్కలో కొంత తేడా ఎప్పుడూ ఉంటుంది కనుక దశాంశాలను పట్టుకుని వేలాడకండి. 0.9 రావాల్సినచోట 0.6 వచ్చిందన్నది మాత్రం పట్టించుకోవాల్సిన తేడా.

శరత్77

ఇవన్నీ మామూలు రోజుల లెక్కలు. పెద్ద పతనం వచ్చినప్పుడు డైవర్సిఫికేషన్ పనిచేయదని అందరూ అంటారు కదా. 1987 అక్టోబరు 19న డౌ జోన్స్ సూచీ ఒక్కరోజులో 22.6 శాతం పడింది. అందులో ఉన్నవి ముప్పై పెద్ద కంపెనీలు, రకరకాల రంగాలవి. మీ సూత్రం ఆ రోజున ఏమైంది?

లెక్కల మాస్టారు

సూత్రం ఆ రోజూ అదే. మారింది మార్కెట్ నాణెం పరిమాణం. ఆ నాణెం 15 కాకుండా 45 అయిందనుకోండి, సొంత నాణేలు మునుపటిలాగే 20. ఒక్క కంపెనీకి 2025 + 400, అంటే 2425, వర్గమూలం 49.2. ఇరవై ఐదు కంపెనీలకు 2025 + 16, అంటే 2041, వర్గమూలం 45.2. మామూలు రోజుల్లో ఇరవై ఐదు కంపెనీలు రిస్క్‌ను 25 నుంచి 15.5కు తెచ్చాయి. పతనంలో 49 నుంచి 45కే తెస్తాయి.

వర్గాల్లో చూస్తే రెండు సందర్భాల్లోనూ డైవర్సిఫికేషన్ తీసేసింది ఒకే మొత్తం, 384. అది మునుపెంత పని చేసిందో ఇప్పుడూ అంతే పని చేసింది. చెరపలేనిది తొమ్మిది రెట్లు పెరగడంతో చేసిన పని కనిపించకుండా పోయింది. రెండు కంపెనీలు ఎంత కలిసి కదులుతాయో చెప్పే సహసంబంధం కూడా 225/625, అంటే 0.36 ఉన్నది కాస్తా 2025/2425, అంటే 0.84కు చేరుతుంది. పతనంలో అన్నీ కలిసికట్టుగా పడతాయని మనకు అనిపించేది అందుకే.

వెన్నెల

ఇప్పుడు ఇంకో అనుమానం. ఒక్క కంపెనీ రిస్క్ 25, వంద కంపెనీలది 15. ఎక్కువ రిస్క్‌కు ఎక్కువ రాబడి అంటారు. అలాంటప్పుడు ఒక్క కంపెనీకి సగటు రాబడి 10 కంటే ఎక్కువ ఉండాలి కదా? మీరు రెండింటికీ 10 పెట్టారు.

లెక్కల మాస్టారు

కావాలనే అలా పెట్టాను. ఆర్థికవేత్త విలియం షార్ప్ 1964లో తేల్చి చెప్పిన ముఖ్య విషయం అదే. ఒక కంపెనీ సొంత నాణేన్ని భరిస్తున్నందుకు ఎక్కువ రాబడి ఇవ్వాల్సి వస్తోందనుకోండి. అలాంటివి వంద వెతికి కొన్నవాడికి ఆ సొంత నాణేలు చెరిగిపోతాయి, అదనపు రాబడి మాత్రం మిగులుతుంది. అది తెలిసినవాళ్లంతా ఆ షేర్ల మీద పడతారు, ధరలు పెరుగుతాయి, పెరిగిన ధర మీద ఆ అదనపు రాబడి ఆవిరైపోతుంది. తేలిగ్గా వదిలించుకోగల రిస్క్‌కు ఎవరూ కూలి ఇవ్వరు. మార్కెట్ నాణేన్ని ఎవరూ వదిలించుకోలేరు, దాన్ని ఎవరో ఒకరు మోయాలి. మోసేవారికి ఇచ్చేదే డిపాజిట్ కంటే ఎక్కువగా వచ్చే ఆ రాబడి.

కావాలంటే మార్కెట్ నాణేన్ని తక్కువ మోయవచ్చు. సగం డబ్బు 4 శాతం డిపాజిట్‌లో పెడితే బొమ్మ పడిన ఏడాది 14.5, బొరుసు పడిన ఏడాది −0.5. సగటు 10 కాస్తా 7 అవుతుంది. సొంత నాణేలను పోగొట్టుకున్నప్పుడు సగటు తగ్గలేదు. దీన్ని తగ్గించుకుంటే సగటు కూడా తగ్గింది.

శరత్77

సిద్ధాంతం బాగుంది, కానీ అందరూ పంచుకుని కొనరు కదా. నాలుగైదు కంపెనీలే పెట్టుకున్నవాళ్లు కోకొల్లలు. వాళ్లంతా సొంత రిస్క్‌కూ ధర అడిగితే?

లెక్కల మాస్టారు

అడిగేవాళ్లు మార్కెట్‌లో ఎంత భాగమో దాన్ని బట్టి ధరల్లో కొంత కనిపించవచ్చు. దాన్ని కొలవాలని చూసినవారికి వచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి పొసగలేదు. నేను ఆ అదనాన్ని నమ్ముకుని నాలుగు కంపెనీలే కొనమని ఎవరికీ చెప్పను.

కోడ్‌గీత

‘ఎప్పటికీ పోదు’ అన్న మాట మీద నాకొక ప్రశ్న. మార్కెట్ నాణెం అంటున్నది ఒక దేశం మార్కెట్‌దే అయితే, వేరే దేశాల షేర్లు కలిపినప్పుడు అందులోనూ కొంత కరగాలి కదా?

లెక్కల మాస్టారు

కరుగుతుంది. 15ను ప్రపంచ నాణెం 12గా, దేశం నాణెం 9గా విడదీయండి. 144, 81 కలిపితే అదే 225. చాలా దేశాల్లో పంచితే 81 కరిగి, గీత 15 దగ్గర కాక 12 దగ్గర ఆగుతుంది. మీనాక్షి గారి రంగం నాణెం కథే ఇది, ఒక మెట్టు పైన. ఆ 144 మాత్రం ఉమ్మడిగా మిగిలిపోతుంది. 2008లో దేశదేశాల మార్కెట్లన్నీ ఒకేసారి పడ్డది ఆ భాగం వల్లే.

శరత్77

దేశాలు కలిపితే కొత్తగా మారకపు విలువల నాణెం ఒకటి వచ్చి చేరుతుంది కదా మాస్టారూ. ఒక దేశం డబ్బులోనే ఖర్చులున్నవాడికి అది 81 కంటే పెద్దదైతే?

లెక్కల మాస్టారు

అయ్యే వీలుంది. చాలా దేశాల మధ్య పంచితే ఆ మారకపు నాణేల్లో కొన్ని ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. కానీ మన సొంత కరెన్సీ అన్నిటి మీదా ఒకేసారి బలపడినా బలహీనపడినా అదీ ఉమ్మడి నాణెమే, దానికి n పనికిరాదు. కొన్ని మార్కెట్లలో సొంత కరెన్సీ బలహీనపడే రోజూ షేర్లు పడే రోజూ ఒకటే అవుతాయి, అలాంటిచోట విదేశీ వాటాలు ఆ దెబ్బను కొంత కాస్తాయి. ఇంకోచోట తిరగబడతాయి. ఏ కరెన్సీలో ఖర్చు పెడతారో చెప్పకుండా దీనికి ఒకే అంకె ఇవ్వలేను. కోడ్‌గీత గారు కోడ్‌లో `(runs, 1)` పరిమాణంతో ఇంకో నాణెం చేర్చి, దాన్ని `m`తో ఒకసారి ఒకే దిక్కుకూ, ఇంకోసారి ఎదురు దిక్కుకూ నడిపి చూపిస్తే ఎంత తేడా ఉందో తెలుస్తుంది.